అప్పు పెరిగిందా, తగ్గిందా? ఒక యాన్యువల్ రిపోర్టుతో గడిచిన రోజు

ఈ రోజంతా ఒక పీడీఎఫ్‌లోనే గడిచిపోయింది. మూడొందల పేజీలు దాటిన యాన్యువల్ రిపోర్టు, పక్కన దాని పాత సంవత్సరాల అన్నదమ్ములు. మధ్యలో కరెంటు పోయి వచ్చింది, ఉగ్గాని పొట్లం బల్ల మీదే చల్లారింది, అనంతపురం ఎండ గురించి కొత్తగా రాయడానికేమీ లేదు.

పని సంగతి. మా సార్ దగ్గరకొచ్చే ఒకాయనకు కళ్యాణదుర్గం వైపు వేరుశనగ మిల్లు ఉంది. స్టాక్ మార్కెట్లో లిస్టయిన ఒక పెద్ద ఫుడ్ కంపెనీ ఆయన్ని 90 రోజుల అప్పు మీద గింజలు అడుగుతోంది. "సార్, పంపొచ్చునా వద్దా, ఒక్క మాట చెప్పండి" అని ఆయన. ఆ ఒక్క మాట కోసం 2020-21 నుంచి 2024-25 దాకా అమ్మకాలు, లాభం, మొత్తం అప్పు, చేతిలో నగదు ఒక షీట్‌లోకి తీసి, ప్రతి అంకెనూ అది పుట్టిన పేజీతో సరిచూడాలి. కంపెనీ పేరు ఇక్కడ రాయను, కింద రాసే అంకెలు కూడా మార్చి గుండ్రం చేసినవే, లెక్క నడిచిన తీరు మాత్రం అదే.

షీట్‌లో అంకె పక్కన ఐదు గడులు పెడతాను: రిపోర్టులో ఆ వరుసకున్న పేరు ఉన్నదున్నట్టు, యూనిట్, కంపెనీ ఒక్కదానిదే అయిన స్టాండలోన్ లెక్కా, పిల్ల కంపెనీలతో కలిపిన కన్సాలిడేటెడ్ లెక్కా, అచ్చులో ఉన్న పేజీ నంబరు, పీడీఎఫ్ చూపించే పేజీ నంబరు. చివరి రెండూ ఎందుకు వేరువేరుగా అని సీఏ చదువుతూ మా దగ్గర ఆర్టికల్‌గా కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. ఈ రిపోర్టులో అచ్చు పేజీ 184 పీడీఎఫ్‌లో 186, ఎందుకంటే ముందు అట్టలు రెండు. అదే కంపెనీ 2020-21 రిపోర్టులో ఒక్కో పీడీఎఫ్ పేజీలో రెండు అచ్చు పేజీలు పక్కపక్కన ఉన్నాయి, అక్కడ 184 కోసం 94కి వెళ్ళాలి. ఒక్క నంబరే రాస్తే సార్ సరిచూడబోయి వేరే పేజీలో పడతారు, పడి నన్ను పిలుస్తారు. పీడీఎఫ్ నంబరు ఉంటే బ్రౌజర్ అడ్రసు చివర `#page=186` అని తగిలిస్తే సూటిగా ఆ పేజీయే తెరుచుకుంటుంది.

అంకెలు బయటికి తీయడానికి మౌస్‌తో సెలెక్ట్ చేసి కాపీ కొట్టను. వరుసలు చెదిరిపోతాయి. ఒక్కో పేజీకి, పీడీఎఫ్‌లోంచి అక్షరాలు తీసే ఈ కమాండ్ ఒక్కటి చాలు:

```
pdftotext -layout -f 186 -l 186 report.pdf -
```

ఇందులోనూ చిక్కులున్నాయి. బ్యాలెన్స్ షీటులో పేరుకీ అంకెకీ మధ్య, వివరం వెనక ఏ నోట్‌లో ఉందో చెప్పే నంబరు గడి ఉంటుంది కదా, "Borrowings 19 18,420" అని వస్తే ఆ 19ని అంకెగా ఎక్సెల్‌లో పెట్టేసేవాళ్ళని చూశాను. రూపాయి గుర్తు కొన్ని పాత ఫాంట్లలో ` అని దిగుతుంది. అప్పుడు ఆ గడి ఎక్సెల్‌కు అంకె కాదు, అక్షరాలు. SUM దాన్ని వదిలేసి మిగతావి కూడి, ఏమీ జరగనట్టు మొత్తం చూపిస్తుంది. అందుకని పక్కన ఒక వరుస `=ISNUMBER(C5)` లాగి, FALSE వచ్చినవన్నీ ముందే ఏరేస్తాను.

ఇక అసలు కథ, అప్పు.

2020-21 రిపోర్టు కన్సాలిడేటెడ్ బ్యాలెన్స్ షీటులో దీర్ఘకాలిక అప్పులు 18,420 లక్షలు, స్వల్పకాలిక అప్పులు 9,150 లక్షలు. కూడితే 27,570. మరుసటి ఏడాది రిపోర్టులో 2022 మార్చి నాటికి మొత్తం 30,900. ఇంతవరకే చూస్తే కంపెనీ ఒక్క ఏడాదిలో 33 కోట్లకు పైగా కొత్త అప్పు చేసినట్టు. ఆ అమ్మాయి వేసిన షీట్‌లోనూ అలాగే ఉంది, దాన్నేమీ తప్పుపట్టను, రెండూ ఆడిట్ అయిన పేజీల్లోంచి అక్షరం పొల్లుపోకుండా తీసిన అంకెలే.

కానీ 2021-22 రిపోర్టులో పక్క వరుస ఒకటుంటుంది, పోయిన ఏడాది అంకెలది. అందులో 2021 మార్చి 31 నాటి దీర్ఘకాలిక అప్పు అదే 18,420, స్వల్పకాలిక అప్పు మాత్రం 13,230. మొత్తం 31,650. అదే తేదీ, అదే కంపెనీ, 4,080 లక్షల తేడా. "ఏదన్నా తప్పుడు లెక్కా అన్నా?" అంది ఆ అమ్మాయి, గొంతులో కొంచెం ఉత్సాహంతోనే.

తప్పుడు లెక్క కాదు. కంపెనీల చట్టంలో బ్యాలెన్స్ షీటు ఏ రూపంలో ఉండాలో చెప్పే షెడ్యూల్ III ఉంది, దాన్ని 2021 మార్చి 24న సవరించారు, 2021 ఏప్రిల్ 1 నుంచి అమలు. టర్మ్ లోన్ల కిస్తుల్లో రాబోయే పన్నెండు నెలల్లో కట్టాల్సిన భాగాన్ని అంతకుముందు "ఇతర ఆర్థిక బాధ్యతలు" అనే వరుసలో పెట్టేవాళ్ళు. సవరణ తర్వాత దాన్ని స్వల్పకాలిక అప్పుల కిందే చూపించాలి. పాత రిపోర్టులో ఆ ఇతర బాధ్యతల నోట్ తెరిస్తే మొదటి వరుసే "కరెంట్ మెచ్యూరిటీస్ ఆఫ్ లాంగ్ టర్మ్ డెట్", ఎదురుగా 4,080. తేడా పైసాతో సహా సరిపోయింది. ఇంకో గుర్తు: రెండు రిపోర్టుల్లోనూ ఆ తేదీకి బ్యాలెన్స్ షీటు మొత్తం ఒక్కటే. ఇటు పెరిగినంత అటు తగ్గింది, అంటే వరుస మారింది, అప్పు మారలేదు. మొత్తం కూడా వేరుగా ఉంటే అప్పుడు పాత అంకెల్నే ఎందుకు మార్చారో చెప్పే రీస్టేట్‌మెంట్ నోట్ వెతకాలి, అది వేరే తలనొప్పి.

కాబట్టి అప్పు 27,570 నుంచి 30,900కి పెరగలేదు, 31,650 నుంచి 30,900కి తగ్గింది. ఆడిట్ పేజీతో సరిచూసినా జవాబు తలకిందులయ్యే చోటు ఇది. ఆ పేజీలో ఆ అంకె ఉందా అని మాత్రమే చూస్తే ఇది దొరకదు, రెండేళ్ళలో ఆ వరుస పేరు కింద ఏమేం చేర్చారో నోట్‌లోకి దిగి చూడాలి. అందుకే నేను ఏ సంవత్సరం అంకెనైనా దాని తర్వాతి ఏడాది రిపోర్టులోని పక్క వరుస నుంచి తీసి, సొంత ఏడాది రిపోర్టులో ఉన్నదాంతో పోల్చి, తేడా ఉంటే కారణం రాస్తాను. చివరి ఏడాదికి ఆ వీలు లేదు, అక్కడ "ఇంకా ఒకే రిపోర్టు" అని రాసి ఊరుకుంటాను.

నగదు దగ్గర ఇంత లోతు లేదు గానీ మిల్లు ఆయనకు కావాల్సింది నిజానికి అదే. ముందు రంగుల పేజీల్లో "నగదు, బ్యాంకు నిల్వలు 112 కోట్లు" అని పెద్దక్షరాల్లో ఉంది. వెనక బ్యాలెన్స్ షీటు లక్షల్లో: నగదు, నగదుతో సమానమైనవి 3,140, ఇతర బ్యాంకు నిల్వలు 8,060. కూడితే 11,200 లక్షలు, అంటే 112 కోట్లే, అంకె సరిపోయింది. ఆ 8,060 ఏమిటని నోట్ తెరిస్తే అందులో చాలా మటుకు లెటర్ ఆఫ్ క్రెడిట్‌లకీ గ్యారంటీలకీ బ్యాంకు దగ్గర మార్జిన్‌గా పెట్టిన డిపాజిట్లు, బ్యాంకు హక్కులో ఉన్నవి. సరఫరాదారుకు కట్టడానికి తీద్దామంటే రావు. షీట్‌లో 31.4 కోట్లు ఒక గడిలో, మిగతాది వేరే గడిలో రాశాను. రంగుల పేజీ అబద్ధం చెప్పలేదు, కాకపోతే నేను ఆ పేజీల నుంచి ఏ అంకే తీసుకోను, అవి ఎలా కూడారో కనుక్కోవడానికి మాత్రమే చూస్తాను.

మధ్యాహ్నం మూడు దాటాక ఆయన పర్చేజ్ ఆర్డర్ కాపీ వాట్సాప్‌లో పంపాడు. చూస్తే ఆర్డర్ ఇచ్చింది లిస్టయిన కంపెనీ కాదు, దాని సబ్సిడరీ, అంటే దాని కింద ఉన్న పిల్ల కంపెనీ. పేరులో మొదటి మాట అదే, జీఎస్టీ నంబరు వేరు. కన్సాలిడేటెడ్ లెక్కల్లో తల్లీపిల్లల డబ్బు అంతా కలిపి ఒకే కుప్పగా కనిపిస్తుంది, కానీ రేపు బిల్లు కట్టాల్సింది ఆ పిల్ల కంపెనీ ఒక్కటే. తల్లి కంపెనీ ప్రత్యేకంగా గ్యారంటీ రాసిస్తే తప్ప ఆ కుప్పలోని 31 కోట్ల నగదుతో మిల్లు ఆయనకు సంబంధం లేదు.

సబ్సిడరీల ముఖ్యమైన అంకెలు యాన్యువల్ రిపోర్టులోనే AOC-1 అనే ఫారంలో ఉంటాయి. సాధారణంగా చివర్లో, చీమల్లాంటి అక్షరాలతో, చాలాసార్లు పేజీని అడ్డంగా తిప్పి అచ్చేస్తారు. తిప్పిన పేజీ నుంచి తీస్తే వరుసలు కలిసిపోతాయి, ఇక్కడ నేనూ చేత్తో టైపు చేసి కూడి చూసుకుంటాను. అమ్మాయి చదివింది, అన్నీ లక్షల్లో: వాటా మూలధనం 1,000, రిజర్వులు 400, మొత్తం ఆస్తులు 6,400, మొత్తం బాధ్యతలు 5,800. ఆస్తుల్లోంచి బాధ్యతలు తీస్తే 600. మూలధనం, రిజర్వులు కలిస్తే 1,400. ఎక్కడో బ్రాకెట్ పోయింది. స్క్రీన్ పెద్దది చేసి చూస్తే (400), నష్టం. 1,000లోంచి 400 పోతే 600, సరిపోయింది. వాటాదారులు పెట్టిన పది కోట్లలో నాలుగు కోట్లు నష్టాల్లో కరిగిపోయిన కంపెనీ అన్నమాట, ఆ విషయం ఒక్క బ్రాకెట్‌లో ఉంది. కొన్ని కంపెనీలు ఈ ఫారంలో మొత్తం బాధ్యతల్లోనే మూలధనాన్నీ రిజర్వులనూ కలిపేస్తాయి, అప్పుడు ఆస్తులూ బాధ్యతలూ ఒకే అంకె వస్తాయి, ఈ కూడిక పనికిరాదు.

ఇంకా వివరం కావాలంటే సబ్సిడరీ సొంత ఆడిట్ లెక్కలు చూడాలి. లిస్టయిన కంపెనీ తన ప్రతి సబ్సిడరీ లెక్కలనూ వెబ్‌సైట్‌లో పెట్టాలని చట్టంలో ఉంది, సెక్షన్ 136. దొరికాయి కూడా, స్కాన్ కాపీ, pdftotext కొడితే ఖాళీ. మాకు కావాల్సింది అందులో సరఫరాదారుల బాకీల వయసు పట్టిక, ఎంత బాకీ ఏడాదిలోపుది, ఎంత ఏడాది దాటింది అని చూపించేది. అదీ 2021 సవరణతో వచ్చిందే. ఆ పేజీని కళ్ళతో చదివి టైపు చేశాం, అడ్డంగా నిలువుగా కూడితే రెండు వైపులా ఒకే మొత్తం వచ్చింది, బ్యాలెన్స్ షీటుతోనూ కలిసింది. వివాదం లేని బాకీల్లో ఏడాది దాటినవి కొన్ని ఉన్నాయి. అవి ఎవరివో పట్టిక చెప్పదు.

సార్ షీట్ తెరిచి, నాలుగైదు అంకెలకు పేజీలు తానే తిప్పి చూసుకుని, మిల్లు ఆయనకు ఫోన్ చేశారు. తల్లి కంపెనీ నుంచి గ్యారంటీ లెటర్ తెచ్చుకుంటే 90 రోజులకు ఒప్పుకో, లేదంటే లోడు దిగిన రోజే డబ్బు అడుగు అన్నారు. ఆయన అడిగి చూస్తానన్నాడు.