అమ్మడం రాని నాకు దొరికిన పని

"కొనండి" అని ఒకరిని అడగాలంటే నాకు నోరు పెగలదు. అందుకే షాపు ఆలోచన మానేసి, డీటీపీలో వాడే 'అను' ఫాంట్లతో టైపు చేసిన పాత ఫైళ్లను, ఏ ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే పని పట్టుకున్నాను. ఈబుక్ వేయాలంటే పబ్లిషర్లకు ఇది తప్పదు, వాళ్లే ఒకరికొకరు నా నంబరు ఇచ్చుకుంటారు.

కన్వర్టర్‌తో మార్చడం నిమిషాల్లో అయిపోతుంది. అసలు పని ఆ తర్వాతే. ఒత్తులు తారుమారవుతాయి, మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాటలు పిచ్చి అక్షరాలవుతాయి. అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని ప్రతి లైనూ చూడాలి.

పేజీకింత, సగం అడ్వాన్స్, రెండు ప్రూఫుల వరకే అని మొదటి మెసేజ్‌లోనే రాసేస్తాను. లేకపోతే రచయితలు ప్రూఫులోనే కథ తిరగరాస్తారు! ఇక ఫోన్లు, బేరాలు... నేను పారిపోయి వచ్చింది వాటి నుంచే. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్ ముందు మాత్రం ఊపిరాడదు, వేసవిలో ఖాళీ.