గుడ్లగూబ ఎగిరిపోయింది, నంబరు మిగిలింది

2021 చివర్లో ఈథర్ అనే క్రిప్టో కరెన్సీ 0.08 పెట్టి ఒక ఎన్‌ఎఫ్‌టీ, అంటే బ్లాక్‌చెయిన్ మీద నమోదయ్యే టోకెన్, మింట్ చేశాను. మింట్ అంటే టోకెన్‌ను మొదటిసారి పుట్టించి తీసుకోవడం. నెట్‌వర్క్‌లో ప్రతి లావాదేవీకీ కట్టే గ్యాస్ ఫీజు దానికి అదనం. కలెక్షన్‌లో మొత్తం 10,000 బొమ్మలు. నాకు దక్కింది 4127వ నంబరు, కళ్లజోడు పెట్టుకున్న గుడ్లగూబ. రెండు వారాల్లో ఫ్లోర్ ప్రైస్, అంటే అమ్మకానికి పెట్టినవాటిలో అన్నిటికన్నా తక్కువ ధర, 0.5 ఈథర్‌కి చేరింది. నేను అమ్మలేదు. ఇంకా పెరుగుతుందని ఆశ.

ఏడాదిన్నర తర్వాత వాలెట్ తెరిస్తే గుడ్లగూబ లేదు. దాని చోట బూడిద రంగు డబ్బా, కింద 4127 అనే నంబరు. ఎవరో కొట్టేశారని టెన్షన్ పడి, బ్లాక్‌చెయిన్ రికార్డులు చూపించే Etherscan అనే సైటు తెరిచాను. కలెక్షన్‌ను నడిపే ప్రోగ్రాము, అంటే కాంట్రాక్ట్, దాని చిరునామా ఇచ్చి, Read Contract నొక్కి రెండు ప్రశ్నలు అడిగాను. ఇలా చదవడానికి ఫీజు ఉండదు.

```
ownerOf(4127)
tokenURI(4127)
```

మొదటిదానికి నా వాలెట్ చిరునామానే వచ్చింది. దొంగతనం కాదన్నమాట. రెండోదానికి https తో మొదలై 4127.json తో ముగిసే ఒక లింకు వచ్చింది. నొక్కితే పేజీ లేదు. ప్రాజెక్ట్ నడిపినవాళ్లు సర్వర్ అద్దె కట్టడం మానేశారు.

నేను కొన్నది ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. బ్లాక్‌చెయిన్ మీద ఉన్నది ఒక పట్టిక: ఫలానా నంబరు ఫలానా చిరునామాది అని. ఆ నంబరుకి ఒక లింకు, ఆ లింకులో పేరు, గుణాలు, మళ్లీ బొమ్మకి ఇంకో లింకు. బొమ్మ మాత్రం వేరే ఎక్కడో ఉంటుంది. చాలా కలెక్షన్లలో ఇదే అమరిక. లింకు ipfs:// తో మొదలైతే, అంటే ఫైళ్లు ఒకే సర్వర్ మీద కాక చాలామంది కంప్యూటర్లలో ఉండే నెట్‌వర్క్‌లో ఉంటే, కొంత నయం, ఎందుకంటే అక్కడ చిరునామా ఫైలు నుంచే పుడుతుంది కాబట్టి బొమ్మను రహస్యంగా మార్చలేరు. అక్కడ కూడా ఆ ఫైలును ఎవరో ఒకరు తమ కంప్యూటర్‌లో నిలిపి ఉంచాల్సిందే. బొమ్మను నేరుగా బ్లాక్‌చెయిన్‌లోనే రాసిన కలెక్షన్లూ ఉన్నాయి గానీ తక్కువ.

పోనీ, పాత స్క్రీన్‌షాట్ ఉంది కదా, గుడ్లగూబను టీషర్టుల మీద వేసి అమ్ముకుందామనుకున్నాను. నియమాల పేజీ కాపీ ఒకటి దాచుకున్నాను, కొన్న రోజు చదవలేదు (ఎవరు చదువుతారు?). అందులో సొంత వాడకానికి మాత్రమే అని ఉంది. కాపీరైట్ గీసినవాళ్లదే. బోర్డ్ ఏప్ యాట్ క్లబ్ లాంటి కలెక్షన్లు తమ బొమ్మలతో వ్యాపారం చేసుకునే అనుమతి ఇచ్చాయి. కానీ అది టోకెన్‌తో దానంతటదే వచ్చే హక్కు కాదు, వాళ్లు విడిగా రాసిచ్చిన లైసెన్సు.

ఇక ధర సంగతి. అప్పట్లో మా గ్రూపులో 0.5 ని 10,000 తో గుణించి కలెక్షన్ విలువ 5,000 ఈథర్ అనుకునేవాళ్లం. నిజానికి ఆ ధరకి అమ్ముడైనవి రోజుకి పది పన్నెండే. మిగతా వేలకి ఆ ధర ఇచ్చేవాడు ఉన్నాడో లేడో ఎవరూ చూడలేదు. ఆ పది పన్నెండు అమ్మకాల చరిత్ర నేను తీరిగ్గా తీసి చూశాను. రెండు వాలెట్లు ఒకే బొమ్మను అటూ ఇటూ తిప్పుతూ ప్రతిసారీ ధర పెంచాయి. రెండింటికీ మొదటి ఈథర్ పంపింది మూడో వాలెట్ ఒకటే. వాష్ ట్రేడింగ్ అంటే ఇదే. సంత సందడిగా ఉందని చూపించడానికి తన సరుకు తనే కొనుక్కోవడం.

కొన్నవాళ్లలో ఎక్కువమంది, నాతో సహా, బొమ్మ మీద ఇష్టంతో కొనలేదు. తర్వాతివాడికి అమ్మడానికి కొన్నాం. రోజూ కొత్త కలెక్షన్లు పుట్టుకొచ్చేసరికి ఆ తర్వాతివాడు వాటివైపు వెళ్లాడు. 2022లో ఈథర్ ధర కూడా పడిపోయింది. ప్రాజెక్ట్ వాళ్లకి మింట్ రోజునే దాదాపు 800 ఈథర్ చేతికొచ్చింది. ఆ తర్వాత రావాల్సింది మళ్లీ మళ్లీ అమ్మినప్పుడు వచ్చే రాయల్టీ మాత్రమే. అమ్మకాలే లేకపోతే వాళ్లు పని చేయడానికి కారణం ఏముంది? పేరున్న సరుకుకీ ఇదే గతి పట్టింది. ట్విట్టర్ స్థాపకుల్లో ఒకరైన జాక్ డోర్సీ మొదటి ట్వీట్ ఎన్‌ఎఫ్‌టీ 2021లో 29 లక్షల డాలర్లకి అమ్ముడైంది. 2022 ఏప్రిల్‌లో మళ్లీ అమ్మకానికి పెడితే మొదట వచ్చిన బిడ్లు 300 డాలర్లు కూడా దాటలేదు.

నా 4127 కి ఒకే ఒక ఆఫర్ కనిపించింది, 0.004 ఈథర్. ఒప్పుకుందామని నొక్కితే, ముందు ఈ కలెక్షన్‌లోని నా టోకెన్లన్నిటినీ తరలించే అనుమతి మార్కెట్‌కి ఇవ్వాలని setApprovalForAll అడిగింది, దానికో గ్యాస్ ఫీజు. అమ్మకానికి ఇంకో ఫీజు. ఆ రోజు రెండూ కలిపితే ఆఫర్ కన్నా ఎక్కువే. రద్దు చేసి, తెల్లవారుజామున నెట్‌వర్క్ ఖాళీగా ఉంటే ఫీజు తగ్గుతుందని ఆగాను. పొద్దున చూస్తే ఆఫర్ లేదు.