అమ్మ పుట్టిన తేదీ అమెరికా వీసా అపాయింట్‌మెంట్‌లో తారుమారైన తీరు: నా అనుభవం

చెల్లె అమెరికాలో ఉంటున్నందున అమ్మకూ బాపుకూ విజిటర్ వీసా తీసుకోవలసి వచ్చింది. ఆ పనిలో నేను తెలుసుకున్న ఒక విషయం మా హనుమకొండ, వరంగల్ వైపు నుండి పెద్దవాళ్ల కోసం దరఖాస్తు చేసే ప్రతి ఇంటికీ అవసరమని భావించి రాస్తున్నాను. ముందుగా వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారం నింపి, ఆ తర్వాత అపాయింట్‌మెంట్ సైటులో ఒక్కొక్కరికి ప్రొఫైల్ తెరిచి, ఒక్కొక్కరికి 185 డాలర్ల రుసుము చెల్లించి, హైదరాబాదులో బయోమెట్రిక్‌కు ఒక తేదీ, కాన్సులేటులో ఇంటర్వ్యూకు మరొక తేదీ తీసుకోవాలి. డీఎస్-160లో పుట్టిన తేదీ దగ్గర నెలను అక్షరాలలో, అంటే JAN, FEB అని ఎంచుకోవాలి కాబట్టి అక్కడ తేదీ తారుమారయ్యే అవకాశం దాదాపు లేదు. చిక్కు వచ్చింది ప్రొఫైల్ దగ్గర.

ఆ ప్రొఫైళ్లను హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక నెట్ సెంటర్‌లో చేయించాము. అక్కడి అబ్బాయి ముందు బాపు వివరాలు నింపాడు. పాస్‌పోర్టులో బాపు పుట్టిన తేదీ 23/06/1956. చూసినది చూసినట్టే 23061956 అని టైపు చేస్తే డబ్బాలో నెల స్థానంలో 02, రోజు స్థానంలో 30 పడి, సంవత్సరం చోట అర్థంలేని పెద్ద అంకె నిలిచింది. ఆ డబ్బా mm/dd/yyyy వరుసలో ఉండడమే దీనికి కారణం. మొదట నొక్కిన 2ను అది నెలగా తీసుకుంది. ఇరవైలతో మొదలయ్యే నెల ఏదీ ఉండదు కాబట్టి వెంటనే రోజు స్థానానికి జరిగి, తర్వాత వచ్చిన 3, 0 అంకెలను కలిపి 30గా చదివింది. ఫిబ్రవరి 30 లేదు కాబట్టి పేజీ ముందుకు పోలేదు. ఆ అబ్బాయి కారణం వెతకకుండా డబ్బా పక్కనున్న క్యాలెండరు గుర్తు నొక్కి, జూన్ 23ను ఎంచుకుని పని కానిచ్చాడు.

అమ్మ వంతు వచ్చింది. అమ్మ పుట్టినది ఆగస్టు 5, పాస్‌పోర్టులో 05/08/1961. అబ్బాయి 05081961 అని కొట్టగానే డబ్బా ఏ అభ్యంతరమూ చెప్పకుండా తీసుకుంది. "అన్నా, పాస్‌పోర్టుల ఎట్లున్నదో అట్లనే పడ్డది, సూడున్రి" అని తెర నా వైపు తిప్పాడు. నిజంగానే తెర మీద 05/08/1961 అనే ఉంది, పాస్‌పోర్టులోనూ అదే ఉంది. కానీ ఆ డబ్బా లెక్కలో అది మే 8. రోజు 12 లోపు ఉన్నవాళ్లందరికీ పొంచి ఉన్న ప్రమాదం ఇదే. 13 నుండి 31 మధ్య పుట్టినవాళ్లకు తెర మీద పడిన తేదీ పాస్‌పోర్టులోని తేదీకి తేడాగా కంటికి కనిపిస్తుంది. మిగిలినవాళ్లకు తప్పు తేదీ కూడా ఒప్పు తేదీలాగే కనిపిస్తుంది గనుక ఎన్నిసార్లు పక్కపక్కన పెట్టి సరిచూసినా కన్ను పట్టుకోలేదు.

ఇంటికి వచ్చి, రుసుము కట్టే ముందు నా ఫోనులో అదే ప్రొఫైల్ తెరిచాను. అక్కడ అమ్మ పుట్టిన తేదీ 08-05-1961 అని కనిపించింది. నెట్ సెంటర్‌లో ఒక వరుస, ఇంట్లో మరొక వరుస కనిపించడానికి కారణం తెలిస్తే మిగిలినదంతా తేలికవుతుంది. ఇలాంటి తేదీ డబ్బాలలో రోజు ముందా, నెల ముందా అన్నది చాలాసార్లు సైటు నిర్ణయించదు. మనం వాడే బ్రౌజరు, కంప్యూటరులోని భాష, ప్రాంతం సెట్టింగులను బట్టి అది మారుతుంది. English (United States) ఉన్న చోట నెల ముందు వస్తుంది, English (India) ఉన్న చోట రోజు ముందు వస్తుంది. లోపల మాత్రం ఆ తేదీ సంవత్సరం, నెల, రోజు వరుసలో, అమ్మ విషయంలో 1961-05-08గా, దాచబడి ఉంటుంది. నెట్ సెంటర్ కంప్యూటరు అమెరికా వరుసలో ఉండగా నా ఫోను మన వరుసలో ఉంది, అందుకే దాగిన తప్పు బయటపడింది.

అపాయింట్‌మెంట్ ఇంకా తీసుకోలేదు కాబట్టి తేదీని అక్కడికక్కడే దిద్దగలిగాము. అలాగే పోయి ఉంటే ప్రొఫైల్‌లో ఒక తేదీ, డీఎస్-160లోనూ పాస్‌పోర్టులోనూ మరొక తేదీ ఉండేవి. అరవై దాటిన మనిషిని దాదాపు 150 కిలోమీటర్లు తీసుకుపోయి కౌంటరు దగ్గర ఆ తేడాకు జవాబు చెప్పించవలసి వచ్చేది. డీఎస్-160లోనే తప్పు పడి ఉంటే పని ఇంకా పెరిగేది. ఒకసారి సమర్పించిన ఆ ఫారాన్ని దిద్దడం కుదరదు, కొత్తది నింపాలి. అప్పుడు AAతో మొదలయ్యే దాని నంబరు కూడా మారుతుంది కాబట్టి ప్రొఫైల్‌లో ఆ కొత్త నంబరు వేయాలి.

ఆ తర్వాత నేను పాస్‌పోర్టు పై భాగంలో అచ్చైన తేదీలను పక్కన పెట్టి, ఫోటో పేజీ అడుగున ఉండే రెండు వరుసల ఆధారంగా ప్రతి వివరాన్నీ సరిచూశాను. ఏ దేశపు పాస్‌పోర్టులోనైనా అక్కడ తేదీలు సంవత్సరం, నెల, రోజు అనే ఒకే వరుసలో ఉంటాయి. అమ్మ పాస్‌పోర్టు రెండవ వరుసలో ఈ ముక్క ఉంది:

```
IND6108056F2904098
```

IND తర్వాతి 610805 పుట్టిన తేదీ, అంటే 61వ సంవత్సరం, 08వ నెల, 05వ రోజు. దాని వెంట ఉన్న 6, ముందున్న అంకెలు సరిగా ఉన్నాయో లేదో లెక్కతో తేల్చే సరిచూపు అంకె, F అంటే స్త్రీ. తర్వాతి 290409 పాస్‌పోర్టు గడువు తేదీ, అంటే 2029 ఏప్రిల్ 9, చివరి 8 మళ్లీ సరిచూపు అంకె. జారీ చేసిన తేదీ మాత్రం ఈ వరుసలలో ఉండదు. దానికి వేరే ఆధారం ఉంది: పెద్దవాళ్ల పదేళ్ల పాస్‌పోర్టు, జారీ అయిన తేదీకి సరిగ్గా పదేళ్లు నిండే రోజుకు ముందు రోజున ముగుస్తుంది. అమ్మది 10/04/2019న జారీ అయి 09/04/2029న ముగుస్తుంది. ఈ రెంటినీ నెల ముందుగా చదివితే 2019 అక్టోబరు 4, 2029 సెప్టెంబరు 4 అవుతాయి. అప్పుడు పదేళ్లకు ఒక రోజు కాకుండా ఒక నెల తక్కువ వస్తుంది కాబట్టి వరుస తిరగబడిందని తెలిసిపోతుంది.

పేర్ల గళ్లలోనూ ఫోటో పేజీ అడుగున ఉన్న మొదటి వరుసే నాకు ఆధారమైంది. మనం ఇంటిపేరును ముందు రాస్తాము కనుక First Name అన్న గడిలో దాన్నే వేయాలనిపించడం సహజం. నెట్ సెంటర్‌లో బాపు పేరు అలాగే పడింది. ఆ వరుసలో P<IND తర్వాత, << గుర్తుకు ముందు ఉన్నదంతా Surname, అంటే ప్రొఫైల్‌లోని Last Name. << తర్వాత ఉన్నదంతా Given Names, అంటే First Name. మా మేనత్త వంటి పెద్దవాళ్ల పాస్‌పోర్టులలో Surname ఖాళీగా ఉండి పేరంతా Given Names కిందనే ఉంటుంది. అటువంటప్పుడు అమెరికా దరఖాస్తులో ఆ పేరు మొత్తాన్ని Surnames గడిలో వేసి, Given Names గడిలో First Name Unknown అన్న అర్థంలో FNU అని రాయాలి. ఇంటిపేరు ఆధార్‌లో ఉంది కదా అని తెచ్చి కలపకూడదు, పాస్‌పోర్టులో లేనిది దరఖాస్తులోకి రాకూడదు.

బయోమెట్రిక్ రోజున కౌంటరులోని ఉద్యోగిని పాస్‌పోర్టునూ మా కాగితాలనూ పక్కపక్కన పెట్టి, పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ ఒక్కొక్కటిగా వేలితో చూపుతూ పోల్చి, అమ్మను "రండమ్మా" అని లోపలికి పంపించింది.