మూడు రోజులన్న పని పదకొండు రోజులెందుకైంది?

పారమట్టా రేవు నుంచి సర్క్యులర్ కీ దాకా ఫెర్రీలో వెళ్తే చివర్లో ఒపెరా హౌస్ కనిపిస్తుంది. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా మేము చూపించే మొదటి చోటు అదే. సిడ్నీ వచ్చిన కొత్తలో నేనూ దాని ముందు నిలబడి ఫొటో దిగి ఇంటికి పంపాను. దాన్ని కట్టడానికి 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లవుతుందని, 1963 జనవరికి తెరుస్తామని మొదట అనుకున్నారట. చివరికి 1973 అక్టోబరులో తెరిచారు. ఖర్చు 10 కోట్ల 20 లక్షలు. ఈ సంగతి నాకు చాలా తర్వాత తెలిసింది. తెలిసినప్పుడు నవ్వాను కూడా. అప్పటికి నేను చెప్పిన ఏ గడువూ నిలబడలేదన్నది వేరే సంగతి.

నేను ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో రిపోర్టులు రాస్తాను. డేటాబేస్ లోంచి లెక్కలు తీసి, అడిగినవాళ్లకు అర్థమయ్యే రూపంలో పెట్టడం నా పని. రెండేళ్ల క్రితం మా మేనేజర్ నెలవారీ క్లెయిముల రిపోర్టు ఒకటి కావాలని, ఎన్ని రోజులు పడుతుందని అడిగాడు. నోటిమాటగా చెప్పలేదు, కాగితం తీసి విడివిడిగానే లెక్క వేశాను. లెక్కలు తీసే క్వెరీ రాయడానికి ఒక రోజు, పాత లెక్కలతో సరిచూడ్డానికి అర రోజు, ఫార్మాటుకు అర రోజు, టెస్టింగుకు ఒక రోజు. మొత్తం మూడు రోజులు. అది పదకొండు పని రోజులైంది.

మా టీమ్‌లో నాకంటే పదేళ్లు పెద్ద అయిన తెలుగాయన ఒకరున్నారు. అన్నా అని పిలుస్తాను. తలపట్టుకుని కూర్చుంటే ఆయన ఒకటే అన్నాడు. "నీ మీద నువ్వు కోప్పడ్డం ఆపి, ఆ పదకొండు రోజులు ఎటు పోయాయో రాయరా ముందు."

రాశాను. క్వెరీకి సరిగ్గా ఒక రోజే పట్టింది. రెండో డేటాబేసుకి యాక్సెస్ కావాలంటే ఫారం మీద సంతకం చేయాల్సినావిడ సెలవులో ఉంది, రెండు రోజులు ఎదురుచూపు. ఆ తర్వాత నెలాఖరు లెక్కలు కలవలేదు. పాత సిస్టమ్ తేదీలను ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో దాచుకుంటోంది. సిడ్నీ సమయం దానికంటే పది గంటలు, వేసవిలో పదకొండు గంటలు ముందుంటుంది. అంటే ఒకటో తారీఖు పొద్దున తొమ్మిదింటికి ఇక్కడ నమోదైన క్లెయిము అక్కడ ముందు నెల ఆఖరి రోజులో పడుతుంది. అది పట్టుకోవడానికి ఒకటిన్నర రోజు. మూసేసి మళ్లీ తెరిచిన క్లెయిమును కొత్తదిగా లెక్కెయ్యాలా వద్దా అని రెండు డిపార్టుమెంట్లు వాదించుకున్నాయి, ఆ మీటింగులకూ తర్వాతి మార్పులకూ ఒక రోజు. ఫార్మాటుకు అర రోజు. మధ్యలో వేరే రిపోర్టు ఆగిపోతే దాని వెంట ఒక రోజు. ఫైనాన్స్ వాళ్లు సరిచూసి చెప్పాలి, వాళ్లకేమో నెలాఖరు హడావిడి, మూడు రోజులు. చివరికి అంతా అయ్యాక కూడా మా దగ్గర రిలీజు గురువారమే కాబట్టి ఇంకో రోజు.

ఇందులో నా చేతి పని ఎంత? నాలుగు రోజులు. నేను చెప్పింది మూడు. అంటే నా పనితనం గురించి వేసిన అంచనా ఒక్క రోజే తప్పింది. మిగతా ఏడు రోజులు నా చేతుల్లో లేనివి, నా కాగితం మీద ఒక్క ముక్క కూడా లేనివి. పనిని ముక్కలుగా విడగొడితే అంచనా మెరుగవుతుందంటారు, నిజమే, కొంత మెరుగవుతుంది కూడా. కానీ మనం విడగొట్టేది మన కళ్లకు కనిపించే ముక్కలనే. ఎదురుచూపు ఎవరి జాబితాలోనూ ఉండదు.

పనికి పట్టే రోజులను ఇలా తక్కువగా అంచనా వేయడానికి ప్లానింగ్ ఫాలసీ అని పేరు పెట్టింది డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, 1970ల చివర్లో. వాళ్లు చెప్పిందాన్ని మా ఊరి మాటల్లో చెబుతాను. తెనాలిలో మా నాన్న ఇల్లు మొదలుపెట్టినప్పుడు మేస్త్రీ ఉగాదికల్లా గృహప్రవేశం అన్నాడు. పునాది ఇన్ని రోజులు, గోడలు ఇన్ని రోజులు, స్లాబు ఇన్ని రోజులు అని వేళ్ల మీద చెప్పాడు. ఆ లెక్కలో తప్పేమీ లేదు. అది పని లోపలి నుంచి చూసిన లెక్క, అన్నీ సవ్యంగా జరిగే కథ. మా నాన్న అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. "మన వీధిలో ఈ మధ్య కట్టిన ఇళ్లకు ఎన్నాళ్లు పట్టింది?" అది బయటి నుంచి చూసిన లెక్క. ఇసుక దొరక్కపోవడం, సెంట్రింగ్ వాళ్లు రాకపోవడం, వానలు, ఇవన్నీ ఆ జవాబులో విడిగా పేర్లు లేకుండానే కలిసిపోయి ఉంటాయి. మా గృహప్రవేశం దసరాకి అయింది.

తమాషా ఏంటంటే ఈ సంగతి తెలిసినవాళ్లకు కూడా తప్పించుకోవడం కుదరదు. కానెమన్ స్వయంగా ఇజ్రాయెల్‌లో ఒక పాఠ్యపుస్తకం రాసే బృందంలో ఉన్నప్పుడు అందరూ రెండేళ్లు అటూ ఇటూ పడుతుందన్నారు. ఇలాంటి బృందాలను ఎన్నో చూసిన ఒకాయన కూడా అదే అన్నాడు. ఆ పాత బృందాల సంగతేంటని ఆయన్ని ప్రత్యేకంగా అడిగితే అప్పుడు బయటపడింది. వాటిలో 40 శాతం దాకా అసలు పూర్తే చేయలేదు, పూర్తిచేసినవాళ్లకు ఏడు నుంచి పదేళ్లు పట్టింది. సమాచారం ఆయన బుర్రలోనే ఉంది, అంచనా వేసేటప్పుడు మాత్రం గుర్తురాలేదు. ఆ పుస్తకానికి ఎనిమిదేళ్లు పట్టింది.

1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే ముగ్గురు పరిశోధకులు యూనివర్సిటీ విద్యార్థులను థీసిస్ ఎప్పుడు పూర్తిచేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ వీలైనంత చెడ్డగా జరిగితే ఎంత అని అడిగితే దాదాపు 49 అన్నారు. నిజంగా పట్టింది 55 రోజుల పైనే. అన్నీ చెడితే అని ఊహించుకున్న లెక్క కూడా మామూలు రోజులకు సరిపోలేదన్నమాట. అందుకే "ఇంకో రెండు రోజులు బఫర్ వేస్తే పోలా" అన్న చిట్కా మీద నాకు నమ్మకం పోయింది. ఆ రెండు కూడా ఊహలోంచి వచ్చినవే కదా.

అన్న చెప్పాక నేనొక నోట్‌బుక్ పెట్టాను. ప్రతి పనికీ ఒక వరస, వరసలో నాలుగే గడులు. పని పేరు, మొదలుపెట్టక ముందు మనసులో తోచిన రోజులు, నిజంగా పట్టిన రోజులు, ఆలస్యానికి కారణం నాలుగు మాటల్లో. రోజులంటే పని గంటలు కాదు, అడిగిన రోజు నుంచి చేతికి ఇచ్చిన రోజు వరకూ క్యాలెండరు మీది పని రోజులు. ఎందుకంటే మేనేజర్ అడిగేది ఎప్పటికి వస్తుందని, ఎన్ని గంటలు కష్టపడ్డావని కాదు.

పదిహేను పనులయ్యాక, పట్టిన రోజులను తోచిన రోజులతో భాగించి, వచ్చినవాటిని చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చాను.

```
0.9  1.0  1.2  1.2  1.4
1.5  1.6  1.8  2.0  2.0
2.3  2.5  2.7  3.3  3.7
```

సరిగ్గా నడిమధ్య ఉన్నది ఎనిమిదోది, 1.8. అంటే నా పనుల్లో సగం తోచినదానికి 1.8 రెట్ల లోపు అయ్యాయి, సగం అది దాటాయి. పన్నెండోది 2.5. పదిహేనులో పన్నెండు పనులు, అంటే ఐదింట నాలుగు, రెండున్నర రెట్ల లోపు తేలాయి. ఆఖరున ఉన్న 3.7 ఆ క్లెయిముల రిపోర్టే. సగటు తీయకండి, అలాంటిది ఒక్కటున్నా సగటును పైకి లాగేస్తుంది.

నాకు ఎక్కువ పనికొచ్చింది నాలుగో గడి. విడివిడిగా చదివితే ప్రతి కారణమూ ఈసారికి మాత్రమే జరిగినట్టుంటుంది. ఒకావిడ సెలవు, ఒకరోజు సర్వర్ పడిపోవడం, ఒకసారి మా అబ్బాయికి జ్వరం. వరసగా చదివితే పదిహేనులో పదమూడింటికి ఏదో ఒకటి రాసి ఉంది. ఏ అడ్డంకి వస్తుందో చెప్పలేం, ఏదో ఒకటి వస్తుందని మాత్రం చెప్పొచ్చు.

తర్వాత వచ్చిన పనికి నాకు నాలుగు రోజులని తోచింది. 1.8తో హెచ్చిస్తే ఏడు చిల్లర, 2.5తో హెచ్చిస్తే పది. మేనేజర్‌తో ఇలా చెప్పాను: "ఏడు రోజుల్లో అవ్వడానికీ అవ్వకపోవడానికీ సగం సగం అవకాశం. ఎవరికైనా మాటివ్వాలంటే పది చెప్పండి, అది కూడా ఐదింట ఒకసారి దాటొచ్చు." పది ఎందుకని అడిగాడు. నోట్‌బుక్ చూపించాను. రెండు నిమిషాలు చూసి, వెనక్కిచ్చి, క్యాలెండర్‌లో పది రాసుకున్నాడు. ఆ పని ఎనిమిది రోజుల్లో అయింది.

ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి. వచ్చిన మొదటి రెండేళ్లు నేను తక్కువ రోజులు చెప్పడానికి కారణం ఫాలసీ ఒక్కటే కాదు. నా వీసా మా కంపెనీ చేతిలో ఉండేది. "ఎన్ని రోజులు?" అన్న మాట నా చెవికి "ఇంతేనా నీ చేవ?" అన్నట్టు వినపడేది. మేనేజర్ నిజంగా తెలుసుకోవడానికే అడుగుతున్నాడని అర్థమవడానికి చాలాకాలం పట్టింది. భయంతో తగ్గించి చెప్పడం వేరు, నిజంగా నమ్మి తక్కువ చెప్పడం వేరు. మొదటిదానికి నోట్‌బుక్ మందు కాదు. ఒపెరా హౌస్‌లోనూ రెండూ కలిసే ఉన్నాయి. ఎన్నికలలోపు మొదలుపెట్టాలని మన ముఖ్యమంత్రి లాంటి రాష్ట్ర ప్రీమియర్ తొందరపెట్టాడు, పైకప్పు గుల్లలను ఎలా కట్టాలో తేలకముందే 1959లో పని మొదలైంది, ఆ బరువు మోయలేవని కింది స్తంభాలను తర్వాత పగలగొట్టి మళ్లీ కట్టాల్సొచ్చింది.

నోట్‌బుక్‌తో ఇబ్బందులూ ఉన్నాయి. ఎలాగూ హెచ్చిస్తాను కదా అని తెలిశాక, తోచిన సంఖ్యనే మనసు ముందుగా పెంచేస్తుంది. ఒక నెల నాకలాగే జరిగి రెండుసార్లు హెచ్చించినట్టయింది. అందుకే పని అడగ్గానే మొదట వచ్చిన అంకెను ఆలోచించకుండా పెన్నుతో రాసేస్తాను, దాన్ని దిద్దను. ఇంకోటి, గంటలో అయ్యే పనులను రోజులు పట్టేవాటితో కలపకూడదు. ఎవరి సంతకమూ అక్కర్లేని పని దాదాపు అనుకున్న టైముకే అవుతుంది, వాటికి వేరే పేజీ పెట్టాను. ఎప్పుడూ చేయని రకం పనికి నా పేజీలో జవాబుండదు, అప్పుడు అది చేసినవాళ్లను వెతికి అడుగుతాను. వాళ్లను కూడా ఎంత పడుతుందని అడగను, మీకు ఎంత పట్టిందని అడుగుతాను.

మన గడువు మనకంటే పక్కనున్నవాళ్లకు బాగా తెలుస్తుంది. మా ఆవిడ ఏ నోట్‌బుక్కూ పెట్టలేదు. ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఆరున్నరకల్లా ఇంట్లో ఉంటానంటే, సరేనండీ అని, కుక్కర్ ఏడుంపావుకి పెడుతుంది.