టీకా వేసుకున్న ఐదో రోజు

మూడు నెలలైంది. ఇప్పటికి కూర్చుని రాయగలుగుతున్నాను.

వరద రావచ్చని హెచ్చరిక వచ్చినప్పుడు, కలరా రాకుండా నోటి టీకా ఇస్తున్నారంటే ఇంటిల్లిపాదీ వెళ్లాం. చిన్న సీసాలోని ఒకటిన్నర మిల్లీలీటర్ల మందు నోట్లో పోశారు. రెండో డోసు రెండు వారాల తర్వాత అన్నారు. అది పని చేయడానికే వారం, పది రోజులు పడుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. నాలుగో రోజు వరద నీళ్లు ఇంట్లోకి వచ్చాయి. మేడ మీదికి చేరాం. ఐదో రోజు రాత్రి నాకు విరేచనాలు పట్టుకున్నాయి.

నొప్పి లేదు, జ్వరం లేదు. అందుకే మొదట తేలిగ్గా తీసుకున్నాను. మూడోసారికి రంగంతా పోయి, బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా, ధారగా పోయింది. ఆ తర్వాత లెక్క పెట్టలేదు. మా ఆయన ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేస్తే, అక్కడున్నతను అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "టీకా వేసుకున్నారుగా? అయితే కలరా కాదు. తిన్నది పడలేదేమో, పొద్దున్నే రండి." ఆ మాట నమ్మి మూడు గంటలు పోగొట్టుకున్నాం. అత్తయ్య భయపడి "నీళ్లు పట్టకురా, పట్టిన కొద్దీ పోతాయి" అన్నారు. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఆవిడకు తెలిసింది అంతే. ఫోనులో మాట్లాడిన మనిషి మీద మాత్రం ఇంకా చల్లారలేదు. తెలిసి ఉండాల్సిన మనిషి అతను.

అర్ధరాత్రి దాటాక పిక్కలు మెలి తిరిగాయి. పిలిస్తే గొంతు రాలేదు. చేతి వేళ్లు చూసుకుంటే, గంటల తరబడి నీళ్లలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి. సాయంత్రం నుంచి మూత్రం చుక్క రాలేదు. నాలుగేళ్ల పాప పక్కనే నిద్రపోతోంది. దాన్ని తాకాలన్నా భయమేసింది. ఇక ఆగకుండా మా ఆయన అత్తయ్య మాట పక్కన పెట్టి ఓఆర్‌ఎస్ కలిపి చెంచాతో పోస్తూ కూర్చున్నారు. తెల్లవారక ముందే వీధిలోకి ఒక పడవ వచ్చింది. ఆ పడవను దేవుడే పంపాడని నమ్ముతాను. ఎవరేమన్నా ఆ నమ్మకం మార్చుకోను.

ఆసుపత్రిలో సిస్టర్ నా పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలింది. అది మడతలా అలాగే నిలబడిపోయింది. ఇంకేం అడగలేదు, సెలైన్ మొదలుపెట్టింది. నా బరువు 52 కిలోలు. కిలోకి 100 మిల్లీలీటర్ల లెక్కన మూడు గంటల్లో ఐదు లీటర్లకు పైగా ఎక్కించారు, అందులో లీటరున్నర మొదటి అరగంటలోనే. గొంతు తిరిగొచ్చింది. తాగగలిగాక ఓఆర్‌ఎస్, ఒక డోసు యాంటీబయాటిక్. మూడో రోజు ఇంటికి పంపారు. ఆ సిస్టర్‌కి చేతులెత్తి మొక్కుతాను.

వచ్చే ముందు ఆమె అడిగింది: "కాచిన నీళ్లు ఎందులో పోస్తున్నారమ్మా?" బకెట్లో అన్నాను. అందరం అందులోనే గ్లాసు ముంచుకునేవాళ్లం, వరద నీళ్లు తగిలిన చేతులతోనే. నీళ్లు బాగా మరిగించి, చల్లార్చి, మూత పెట్టి కూడా నా చేత్తో నేనే పాడు చేశానన్నమాట. గ్యాస్ అయిపోయిన రోజు క్లోరిన్ బిళ్ల వాడాం కానీ, బురద నీళ్లలోనే వేసి వెంటనే తాగేశాం. బురద ఉంటే క్లోరిన్ అంతా దానికే ఖర్చయిపోతుందట.

ఇప్పుడు నీళ్లు తేరాక పైనీళ్లు వంచి, నాలుగు మడతల పాత బట్టలో వడకట్టి, బిళ్ల ప్యాకెట్ మీద రాసినన్ని లీటర్లకే వేసి, అరగంట ఆగుతాం. కొద్దిగా క్లోరిన్ వాసన రాకపోతే మళ్లీ వేస్తాం. నీళ్లు కుళాయి ఉన్న డ్రమ్ములోనే ఉంటాయి, అందులో ఎవరి చెయ్యీ పడదు. రెండో డోసు కూడా అందరం వేసుకున్నాం. రెండూ వేసుకున్నా పూర్తి రక్షణ కాదు, ఐదేళ్లలోపు పిల్లలకు ఇంకా తక్కువ. మిగతా విరేచనాలను అది ఆపదు. అందుకే డ్రమ్ము దగ్గర నేను గట్టిగానే ఉంటాను. మీ ఇంట్లో ఎవరికైనా తెల్లగా నీళ్లలా పోతుంటే, టీకా వేసుకున్నారా లేదా అని చూడకండి. ఓఆర్‌ఎస్ తాగిస్తూనే బయల్దేరండి.

మొన్న పాప గ్లాసు పట్టుకుని వాసన చూసి, "అమ్మా, మందు వాసన వస్తోంది, తాగనా?" అని అడిగింది. తాగమన్నాను.