ఆటకి మాత్రమే ఒక ఫోన్

మేనల్లుడు సెలవులకి వచ్చాడు. బీజీఎంఐ ఆడటానికి వాడికి నా ఫోనే కావాలి. సరిగ్గా జోన్ చిన్నదయ్యే టైమ్‌కే నాకు ఆఫీసు కాల్ వస్తుంది. ఇద్దరికీ టెన్షనే. అందుకని ఇవాళ బీరువాలోంచి పాత ఫోన్ తీశాను. స్నాప్‌డ్రాగన్ 660 చిప్, 4 జీబీ ర్యామ్. దీనికి ఈ గేమ్ కాస్త బరువే, కానీ దాని మీద వేరే పనేమీ పెట్టకపోతే నడుస్తుందనిపించింది.

ఛార్జింగ్ పెట్టేముందు దాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టి, మూలల్లో నొక్కి చూశాను. ఊగలేదు, స్క్రీన్ అంచు ఎక్కడా లేవలేదు. బ్యాటరీ ఉబ్బితే ముందు తెలిసేది అక్కడే. అలా ఉబ్బి ఉంటే ఆటల మాట మర్చిపోయి నేరుగా రిపేర్ షాపుకి పట్టుకెళ్ళేవాణ్ణి.

తర్వాత రీసెట్. దానికి ముందే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి పాత గూగుల్ అకౌంట్ తీసేశాను. బటన్లు నొక్కి రికవరీ నుంచి రీసెట్ చేస్తే, ఫోన్ తెరుచుకోగానే ఆ పాత అకౌంట్ పాస్‌వర్డే అడుగుతుంది. అది ఇప్పుడు ఎవరికి గుర్తుంటుంది! సిమ్ వెయ్యలేదు, వైఫై ఒక్కటే.

రీసెట్ చేసినా ఫోన్‌తో వచ్చిన యాప్‌లు అలాగే ఉంటాయి. కొన్నిటికి అన్‌ఇన్‌స్టాల్ బటనే ఉండదు. బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌కి కలిపాను. ల్యాప్‌టాప్‌లోంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే adb టూల్‌తో ఒక్కో యాప్‌కి ఒక లైన్:

```
adb shell pm uninstall --user 0 com.google.android.apps.youtube.music
```

ఇది యాప్‌ని మన యూజర్ వరకే తీసేస్తుంది. అసలు ఫైల్ సిస్టమ్‌లోనే ఉంటుంది కాబట్టి స్టోరేజ్ పెద్దగా మిగలదు. వెనక నడిచేది ఒకటి తగ్గుతుంది, అదే లాభం. మళ్ళీ కావాలంటే `adb shell cmd package install-existing` పక్కన అదే పేరు కొడితే వచ్చేస్తుంది. ప్లే సర్వీసెస్ జోలికి మాత్రం వెళ్ళలేదు, గేమ్ లాగిన్ దాని మీదే ఆధారపడుతుంది. ఏం చేస్తుందో తెలియని పేరు ఏది కనిపించినా వదిలేశాను.

డెవలపర్ ఆప్షన్స్‌లో ఉన్నాను కదా అని యానిమేషన్ స్కేల్స్ మూడూ 0.5x చేశాను. మెనూలు చకచకా తెరుచుకుంటున్నాయి. గేమ్‌లో దానివల్ల ఒక్క ఫ్రేమ్ కూడా పెరగదు. బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్ లిమిట్ ముట్టుకోలేదు. అది రీస్టార్ట్ చేస్తే పోతుంది, పైగా వెనక నడవడానికి యాప్‌లే లేనప్పుడు దేనికి? గేమ్ బూస్టర్ యాప్‌ల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ర్యామ్ ఖాళీ చేస్తానంటూ అవే ర్యామ్‌లో కూర్చుంటాయి.

అసలు పేచీ వేడితో వచ్చింది. గ్రాఫిక్స్ స్మూత్, ఫ్రేమ్ రేట్ అల్ట్రా పెట్టి ఇచ్చాను, అంటే సెకనుకి 40 ఫ్రేములు. మొదటి మ్యాచ్ బాగానే నడిచింది. రెండోది సగంలో ఉండగా, "మామయ్యా, గన్ పేలుస్తుంటే ఆగిపోతోంది" అన్నాడు. నెట్ సంగతేమో అని పింగ్ చూశాను, అది మామూలుగానే ఉంది. పింగ్ బాగుండి, మొదట్లో లేని తడబాటు కాసేపటికి మొదలైతే అనుమానించాల్సింది వేడినే. మ్యాచ్ అవ్వగానే కేబుల్ పెట్టి `adb shell dumpsys battery` కొట్టాను. `temperature: 431` అని చూపించింది. అది పదో వంతుల్లో ఉంటుంది, అంటే 43.1 డిగ్రీలు. బ్యాటరీయే అంత ఉంటే లోపల చిప్ ఇంకా ఎక్కువే ఉంటుంది. కాలిపోకుండా చిప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, తెర మీద మనకు కనిపించే తడబాటు అదే.

వెనక రబ్బరు కవర్ తీసేశాను, బ్రైట్‌నెస్ సగానికి దించాను, ఛార్జింగ్ పెట్టి ఆడొద్దని గట్టిగా చెప్పాను. ఫ్రేమ్ రేట్ హైకి, అంటే 30కి తగ్గించాను. వాడు మొహం మాడ్చుకున్నాడు. ఫోన్ చల్లారాక మళ్ళీ వరసగా రెండు మ్యాచ్‌లు ఆడించి చూస్తే 388. ఆఖరి జోన్ వరకు ఎక్కడా ఆగలేదు. కాసేపు 40, కాసేపు 22 వచ్చేకంటే అచ్చంగా 30 వస్తే గురి బాగా కుదురుతుంది, ఎందుకంటే వేలు కదలికకీ తెరకీ మధ్య తేడా మాటిమాటికీ మారదు. ఈ సంగతి నేను చెబితే వినలేదు కానీ, ఆడాక ఒప్పుకున్నాడు.

ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ ఆపేశాను, మ్యాచ్ మధ్యలో డౌన్‌లోడ్ మొదలవకుండా. గేమ్ అప్‌డేట్ మాత్రం చేయకపోతే లోపలికి రానివ్వదు, అది నేనే పడుకునే ముందు చూసుకోవాలి. రాత్రి భోజనాల దగ్గర, "ఇన్‌స్టా ఒక్కటి వేసుకోనా మామయ్యా?" అని మెల్లగా అడిగాడు. కుదరదన్నాను. వాళ్ళమ్మ నా వైపు చూసి నవ్వింది.