రువిలో నేర్చుకున్న లెక్క, ఎంవీపీ కాలనీలో వేసి చూశాం

మస్కట్‌లోని రువిలో ఒక స్వీట్ల దుకాణం వంటశాలలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. విశాఖలో ఎంవీపీ కాలనీలో మా తమ్ముడు పిండివంటల షాపు నడుపుతున్నాడు. దానికి పెట్టుబడి నా జీతం నుంచి వెళ్లిందే. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నరకు నా షిఫ్టు అయ్యేసరికి అక్కడ పది అవుతుంది. వాడు షట్టర్ దించి ఫోన్ చేస్తాడు. పోయిన ఏడాది ఒక రాత్రి ఫోన్ ఎత్తగానే "అన్నయ్యా, మధురవాడలో మంచి షాపు ఖాళీ అయింది, రెండోది పెట్టేద్దాం" అన్నాడు.

వాడి ఉత్సాహానికి కారణం ఉంది. అంతకు ముందు సంవత్సరం నెలకు నాలుగు లక్షల ఇరవై వేలున్న అమ్మకం ఆరు లక్షలకు చేరింది. నా దగ్గర తొమ్మిది లక్షల పొదుపు ఉంది. అయినా వెంటనే సరే అనలేకపోయాను. ఎందుకంటే రెండో షాపు ఎలా దెబ్బతింటుందో రువిలో కళ్లారా చూశాను.

మా యజమాని అల్ ఖువైర్‌లో ఇంకో బ్రాంచి తెరిచారు. అక్కడికీ ఇక్కడికీ పెద్ద దూరం లేదు. మైసూర్‌పాక్ చేసే మాస్టర్ ఒక్కడే. పొద్దున అక్కడ, సాయంత్రం ఇక్కడ అని ఆయన్ని తిప్పారు. ఆయన లేని పూట చేసిన మైసూర్‌పాక్ ఇటుకలా గట్టిపడేది. వ్యానులో వెళ్లిన సరుకులో మిగిలింది రాత్రి మళ్లీ మా దగ్గరికే వచ్చేది. అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది శుక్రవారం సాయంత్రం. అంతకు ముందు ఆ పూట మా కౌంటర్‌లో తొమ్మిది వందల రియాళ్లు పడేవి. కొత్త బ్రాంచి వచ్చాక అది ఏడు వందలకు పడిపోయింది. ఆ రెండు వందలూ కొత్త బ్రాంచి గల్లాలో పడుతున్నాయి. అవి కొత్త అమ్మకం కాదు, మా పాత గిరాకీలే అటు మళ్లాయి. పది నెలలకు ఆ బ్రాంచి మూసేశారు.

సంక్రాంతి సెలవుకు విశాఖ వచ్చినప్పుడు తమ్ముడూ నేనూ బిల్లులు ముందేసుకుని కూర్చున్నాం. మొదట చూసింది అమ్మకం ఎందుకు పెరిగిందన్నది. నూనె, బెల్లం రేట్లు పెరిగితే మనం ధర పెంచుతాం, గల్లాలో డబ్బు ఎక్కువ కనిపిస్తుంది. అది ఎదుగుదల కాదు. బిల్లుల సంఖ్య చూస్తేనే నిజం తెలుస్తుంది. నెలకు సుమారు 1,450 బిల్లులుండేవి 2,000 అయ్యాయి. ఒక్కో బిల్లు సగటు 290 నుంచి 300 రూపాయలే అయింది. అంటే నిజంగానే మనుషులు పెరిగారు. తమ్ముడి మాట అంతవరకు నిజమే.

తర్వాత రెండు వారాల పాటు కౌంటర్‌లో ఒక నోటు పుస్తకం పెట్టించాను. బిల్లు కొట్టేటప్పుడు "ఎక్కడి నుంచి వస్తున్నారండీ" అని అడిగి ఒక గీత గీయాలి. పదింటిలో రెండు గీతలు మధురవాడ, పీఎం పాలెం, ఎండాడ వైపు పడ్డాయి. ఆరు లక్షల్లో అది లక్షా ఇరవై వేలు. అంత దూరం నుంచి వస్తున్నారంటే అటు షాపు పెట్టాల్సిందేనని వాడికి అనిపించింది. ఆ డబ్బు ఇప్పటికే మన గల్లాలోకి వస్తోంది కదా అని నాకు అనిపించింది.

అప్పుడు మధురవాడ లెక్క వేశాం. అద్దె 40 వేలు, నమ్మకంగా చూసుకునే ఒక మనిషికి 20 వేలు, కౌంటర్‌లో ఇద్దరికి 26 వేలు, కరెంటు 8 వేలు, సరుకు మోసే బండికి 8 వేలు. అమ్మినా అమ్మకపోయినా నెలకు లక్షా రెండు వేలు కట్టాలి. మా సరుకులో ముడిసరుకు, ప్యాకింగ్ పోను నూటికి 45 రూపాయలు మిగులుతాయి. రెండో చోట మిగిలిపోయేవి, విరిగిపోయేవి తీసేస్తే 41 అనుకున్నాం. ఆ లెక్కన నెలకు రెండున్నర లక్షలు అమ్మితే ఖర్చు వెళ్తుంది. కానీ ఇక్కడి నుంచి ఓ లక్ష అటు మళ్లుతుందనుకుంటే, ఆ లక్ష మనకు కొత్త రాబడి కాదు. కాబట్టి అక్కడి గల్లాలో సుమారు మూడు లక్షల అరవై వేలు కనిపిస్తేనే మొత్తం మీద నష్టం లేనట్టు. రెండున్నర దగ్గరే సంబరపడితే నెలనెలా నలభై ఐదు వేల దాకా పోతున్నా తెలియదు. ఇది కాక ఫిటింగులకు ఆరు లక్షలు, ఆరు నెలల అద్దె అడ్వాన్సు.

అసలు చిక్కు వంటింట్లో ఉంది. సాయంత్రం ఏడుకల్లా జంతికలు, చేగోడీలు అయిపోతున్నాయి. రెండు మూకుళ్లూ పొద్దున పది నుంచి ఖాళీ ఉండవు. అరిసెల పాకం మా పిన్నికి తప్ప ఎవరికీ సరిగ్గా రాదు. అనకాపల్లి బెల్లం మరుగుతుంటే గరిటెతో ఒక చుక్క నీళ్ల గిన్నెలో వేస్తుంది. వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తటి ఉండ కావాలి. అప్పుడే తడిపిండి పోయాలి. ఒక్క నిమిషం దాటితే అరిసె రాయి, ముందే దించితే నూనెలో విడిపోతుంది. అరవై దాటిన ఆమెను మధురవాడకు, ఇటుకు తిప్పడం నాకు తలచుకోవడానికే ఇష్టం లేకపోయింది. సరుకు చాలడం లేదంటే లోటు వంటింట్లో ఉన్నట్టు. ఇంకో కౌంటర్ తెరిస్తే ఆ లోటు రెండు చోట్లా కనిపిస్తుంది.

అందుకే మూకుడు అక్కర్లేని సరుకేదో వెతికాం. నోటు పుస్తకం వెనక పేజీలో "లేదు" అని రాయించాను. గిరాకీ అడిగి, మన దగ్గర లేక వెళ్లిపోయినవన్నీ అందులో పడాలి. రువిలో మాకు ఇది అలవాటు. రెండు వారాల్లో ఎక్కువ గీతలు దోశ పిండికీ, పొడులకూ పడ్డాయి. దోశ పిండికి ఫ్రిజ్‌లు కావాలి, రెండు రోజులకే పులుస్తుంది, మార్జిన్ తక్కువ. పొడులకు వేయించడం, ఆడించడం చాలు. ఆ పని ఉదయం ఆరు నుంచి పది లోపు, మూకుళ్లు ఎక్కించక ముందే అయిపోతుంది. కంది, కరివేపాకు, నువ్వులు, పల్లీ అని నాలుగే మొదలుపెట్టాం. గ్రైండర్, సీలింగ్ మిషన్ అన్నీ కలిపి లక్షా అరవై వేలు అయింది. ఆహార లైసెన్సులో కొత్త రకం సరుకును కూడా చేర్పించుకున్నాం.

మొదటి నెల దెబ్బ తిన్నాం. కరివేపాకు పొడి వేడిగా ఉండగానే ప్యాక్ చేశారు. లోపల ఆవిరి పట్టి నాలుగు రోజులకు ముద్ద కట్టింది. ముప్పై ప్యాకెట్లు వెనక్కి తెప్పించి అందరికీ డబ్బు ఇచ్చేశాం. సముద్రపు గాలి ఉన్న ఊరు, చల్లారబెట్టేటప్పుడు పళ్లెం మూత లేకుండా వదిలేసినా తేమ పడుతుంది. ఇప్పుడు పలచటి గుడ్డ కప్పి ఫ్యాను కింద పూర్తిగా చల్లార్చాకే సీల్ చేస్తారు.

మూడో నెలకు పొడుల అమ్మకం 70 వేలు. సగం మిగులుతుంది. పని మనిషికి 14 వేలు, కరెంటు, లేబుళ్లకు 5 వేలు పోను చేతికి 16 వేలు. పెద్ద మొత్తం కాదు. అయితే పొడి కొన్న పది బిల్లుల్లో ఏడింటిలో జంతికలో సున్నుండలో కూడా ఉన్నాయి, జంతికల కిలోలు ఏమాత్రం తగ్గలేదు. పాత సరుకును ఇది తినేయలేదని అలా తెలిసింది.

మధురవాడ షాపు వేరేవాళ్లు తీసుకున్నారు. తమ్ముడికి కొంత బాధగానే ఉంది, నాకు తెలుసు. పొడుల పనికి వచ్చిన అమ్మాయిని ఇప్పుడు మధ్యాహ్నాలు పిన్ని పక్కన కూర్చోబెడుతున్నాడు. మొన్న రాత్రి నా షిఫ్టు అయ్యాక ఫొటో పంపాడు. పళ్లెంలో పన్నెండు అరిసెలు, కింద ఒక్క లైను: "ఇవి ఆ అమ్మాయి పాకం, పిన్ని తిని బాగున్నాయంది."